గట్టు పక్క పద్దెనిమిది సెంట్లు

మా మామగారు గూడ్సు బండి గార్డు. రిటైరయ్యే నాటికి ఆయనకు మనుషుల మీద కంటే నంబర్ల మీద నమ్మకం ఎక్కువైపోయింది. బండి బయలుదేరే ముందు యార్డు వాళ్ళిచ్చిన కాగితం పట్టుకుని ఇంజను దగ్గర్నుంచి చివరనున్న బ్రేకువ్యాను దాకా నడిచేవారు. ప్రతి వ్యాగను మీద పెయింటుతో వేసిన నంబరూ కాగితంలోని నంబరూ ఒకటేనని చూసుకున్నాకే పచ్చజెండా తీసేవారు. ఇంట్లోనూ అదే వరస. చాకలి మూట విప్పితే ప్రతి చొక్కాకూ కాలరు కింద గుర్తు చూడాల్సిందే. నేను కోడలిగా ఆ క్వార్టర్సులో అడుగుపెట్టిన రోజున నన్ను ఎగాదిగా చూస్తుంటే, నాకూ ఎక్కడైనా నంబరు ఉందేమోనని వెతుకుతున్నారనుకున్నాను.

అరవయ్యో దశకం మొదట్లో ఆయన రిటైరయ్యారు. బిట్రగుంట రైల్వే కాలనీలో క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. పెళ్ళయినప్పటి నుంచీ మా అత్తగారు రైల్వే వాళ్ళ గోడల మధ్యనే కాపురం చేసింది. ఎక్కడికి పోయినా ఒక నిమ్మమొక్క నాటేది, అది కాయలు పట్టే వేళకు బదిలీ వచ్చేది. ఆ కాయలు తర్వాత వచ్చిన వాళ్ళు తినేవాళ్ళు. అందుకని ఆవిడ కోరిక ఒకటే, నాటిన చెట్టు కాయ తను కోసుకోవాలి. దానికి సొంత నేల కావాలి. చేతిలో ఉన్నది ప్రావిడెంటు ఫండు సొమ్ము. అది పోతే మళ్ళీ పుట్టేది కాదు.

చర్చిలో తెలిసినాయన ఒకరు వాకాడు దగ్గర మాగాణి అమ్మకానికి ఉందన్నాడు. మామగారు డబ్బు లోపలి జేబులో పెట్టి, పైన కోటు తొడిగి, గుండీలన్నీ బిగించారు. ఎండాకాలం! తోడు వెళ్ళడానికి మా ఆయనకు సెలవు దొరకలేదు. అత్తగారు నన్ను పక్కకు పిలిచింది.

"ఆయన కాగితాలు చూస్తాడు. నువ్వు మనుషుల్ని చూడు. ఇద్దరూ కలిసి ఏమీ చూడకుండా రాబాకండి."

గూడూరు దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో పోయాము. పొలం అమ్మే రైతు మంచి మాటకారి. లేత కొబ్బరికాయలు కొట్టించాడు, రొయ్యల కూర వండించాడు, మా మామగారి కోటును కూడా మెచ్చుకున్నాడు. పొలం చూపించాడు. నల్లటి నేల, కోత కోసిన మోళ్ళు చక్కగా వరస కట్టి ఉన్నాయి. ఆ పక్క పొలం, దాన్నానుకుని కాలవ.

"ఎకరా అరవై రెండు సెంట్లు సార్. ఈ పూటే బయానా ఇచ్చేయండి. నెల్లూరు నుంచి ఇంకొకాయన రేపు వస్తానన్నాడు."

రేపు రాబోయే ఆ నెల్లూరు ఆయన ఏ పొలం బేరంలోనైనా ఉంటాడని నాకు అప్పటికే తెలుసు. రైతు మొలలో నుంచి ఒక కాగితం తీశాడు. అడంగల్ నకలు. ఏ నంబరు నేల ఎంత, ఎవరి పేరున ఉంది, ఏ పంట వేశారు అని కరణం ఏటా రాసే లెక్క. మడతల దగ్గర చిరిగి, చెమటకు తడిసి ఉంది.

"ఇది పాతది. ఈ ఏడాదిది కావాలి. నేనే కరణంగారి దగ్గర తీసుకుంటాను," అన్నారు మామగారు.

కరణంగారు అరుగు మీద కూర్చుని విసుక్కుంటూ నకలు రాశారు. సర్వే నంబరు 87-1, ఎకరా అరవై రెండు సెంట్లు, పట్టాదారు మా రైతే. అన్నీ సరిపోయాయి. నేను లేవబోయాను. మామగారు కదల్లేదు.

"దాని పక్క నంబరు కూడా రాసియ్యండి."

"పక్కది మీరు కొనడంలేదు గదయ్యా?"

"పక్క వ్యాగను ఏదో తెలీకపోతే ఇది ఏ వ్యాగనో ఎట్టా తెలస్తుంది?"

కరణంగారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఈయనతో రైల్లో తిరుగు ప్రయాణం కూడా చెయ్యాలి గదా అన్న దిగులు నాది. కరణంగారు రాసిచ్చారు. 87-2, ఎకరా నలభై నాలుగు సెంట్లు. పట్టాదారు మా రైతుకు సొంత అన్న.

మళ్ళీ పొలానికి పోయాము. మామగారు సంచిలో నుంచి రైల్వే టేపు తీశారు. ఒక కొస నాకిచ్చారు. మోళ్ళు గుచ్చుకుంటుంటే చీర ఎగ్గట్టుకుని పొలం నాలుగు వైపులా తిరిగాను. ఆయన గట్టు మీద కూర్చుని పెన్సిలుతో గుణించి, తలెత్తారు.

"ఎకరా నలభై నాలుగే ఉంది. పద్దెనిమిది సెంట్లు తక్కువ."

రైతు సిగ్గుపడతాడనుకున్నాను. అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"చూసినారా! నేను చెప్తే ఊళ్ళో ఒక్కడు నమ్మలేదు! మా అన్న గట్టు జరిపి పద్దెనిమిది సెంట్లు మింగినాడు. ఎనిమిదేళ్ళాయ మాటల్లేవు. ఆ మొహం రోజూ చూడలేకే గదా అమ్ముతుండాను!"

"అంటే పొలంతో పాటు తగువు కూడా మాకే అమ్ముతున్నావన్నమాట. దానికి విడిగా ధర ఏమైనా ఉందా?" అన్నాను. మామగారు కళ్ళతోనే నన్ను ఆపారు. ఆయన చూపు కాగితంలోని రెండో వరస మీద ఉంది.

"ఇక్కడున్నది ఎకరా నలభై నాలుగు. కాగితంలో ఎకరా నలభై నాలుగు మీ అన్నది," అన్నారు మెల్లగా. "గట్టు చివర రాయి ఉండాల గదా, సర్వే రాయి?"

ముళ్ళకంప తొలగించి చూస్తే రాయి ఉంది. గట్టు సరిగ్గా రాయి మీదికే వచ్చి ఆగింది. వెయ్యేళ్ళు గడిచినా కదలనంత లోతుగా పాతి ఉంది.

"గట్టు జరగలేదు నాయనా. ఉన్నచోటే ఉండాది."

మళ్ళీ కరణంగారి అరుగు. ఈసారి ఆయన కొలతల పటం తీయక తప్పలేదు. పటంలో కాలవ పక్కనున్న ముక్క 87-1. దానికి ఇవతలిది 87-2. అంటే తమ్ముడైన మా రైతు ఇన్నేళ్ళూ దున్నుతున్నది అన్న పేరున ఉన్న నేల. అన్న దున్నుతున్నది తమ్ముడి పేరున ఉన్న నేల. తండ్రి పంచి ఇచ్చేటప్పుడు పెద్దవాడికి కాలవ పక్కది చూపించాడు. కాగితాల్లో పేర్లు అటుది ఇటూ ఇటుది అటూ పడ్డాయి. ఆ తర్వాత ఏటా కరణంగారు పాత లెక్కలో పేరే కొత్త లెక్కలోకి దించుకుంటూ వచ్చారు. పొలం దాకా పోయి చూసిన పాపాన పోలేదు.

"మేము బయానా ఇచ్చి 87-1 రిజిస్టరు చేయించుకుని ఉంటే, కాగితం ఒక పొలానికి, నాగలి ఒక పొలానికి," అన్నారు మామగారు. ఆయన చెయ్యి కోటు జేబు మీదికి పోయింది.

తమ్ముడికి సంగతి బోధపడేసరికి మొహం వెలిగిపోయింది. "అయితే కాలవ పక్కది నాదే!" అంటూ పరిగెత్తి అన్న ఇంటి ముందు నిలబడి కేకలు పెట్టాడు. ఎనిమిదేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ ఇద్దరూ ఆ సాయంత్రమే ఖర్చు పెట్టేశారు.

"నాయన నాకు ఊరందరి ముందర కాలవ పక్కది చూపిచ్చినాడు!"

"నాయన నాకు ఎకరా అరవై రెండు రాయిచ్చినాడు!"

ఇద్దరూ చెప్పింది నిజమే కావడంతో ఎవరూ తగ్గలేదు. అప్పుడు అన్న భార్య వాకిట్లోకి వచ్చింది. మరిదిని చూసి, గొంతు పెంచకుండానే అడిగింది.

"గట్టు జరగలేదని ఆ పెద్దాయన చెప్పినాడంట గదా. ఇన్నాళ్ళూ నా మొగుణ్ణి దొంగన్నావే, అబ్బయ్యా?"

తమ్ముడు పైపంచె మొహానికి అడ్డం పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. అన్న పోయి పక్కన కూర్చున్నాడు. నాకు కూడా కళ్ళు చెమర్చాయి. ఆ చెమ్మ ఆరకముందే తమ్ముడు తలెత్తి మా వైపు చూశాడు.

"సార్, తప్పుగా అనుకోబాకండి. ఇంక నేను అమ్మను."

అమ్మడట! కాళ్ళకు మోళ్ళు గుచ్చుకున్నది మాకు, కలిసిపోయింది వాళ్ళు. బస్సులో నేను పళ్ళు నూరుతూ కూర్చున్నాను. మామగారు మాత్రం అన్ని వ్యాగన్లూ సరిపోయిన ముఖంతో నిద్రపోయారు. ఇంటికొచ్చాక అత్తగారు అంతా విని, "బాగానే ఉంది. మరి నేను మొక్క యాడ నాటాల?" అంది. మామగారు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

క్వార్టర్సు ఖాళీ చెయ్యమని రెండోసారి తాఖీదు వచ్చిన వారంలో అన్నదమ్ములిద్దరూ ఒకే బియ్యం మూటను చెరో కొసా పట్టుకుని మా గుమ్మంలో దిగారు. మాట్లాడింది అన్న.

"ఇప్పుడు ఎవరు దున్నే పొలం వాళ్ళే ఉంచుకోవాలని అనుకున్నాం సార్. కానీ ఆ పద్దెనిమిది సెంట్లు ఎవురి దగ్గరున్నా మాకు మళ్ళా మాటలు పోతాయి. గట్టు వెంబడి, బండిబాట దాకా అంతా ఒక ముక్కగా ఉండాది. మీరు ఇల్లు కట్టుకుని మా ఇద్దరి మధ్యన కూర్చోండి."

పొలం కొనబోయి గట్టు కొంటున్నామని నేను నవ్వాను. అత్తగారు నవ్వలేదు. లోపలికి పోయి వాళ్ళకు కాఫీ పెట్టింది, అది కూడా చిక్కటి పాలతో.

మామగారు మాత్రం అప్పుడూ పచ్చజెండా ఊపలేదు. ముందు అన్నదమ్ములు నేలలు మార్చుకున్నట్టు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి. సర్వేయరు వచ్చి ఆ ముక్క విడదీసి 87-3 అని నంబరు వెయ్యాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. అప్పుడే బయానా. అంతదాకా మేము అద్దెకొంపలో వేగాము. ఆ సొమ్ము అన్నాళ్ళూ ఆ కోటులోనే ఉంది. ఆ కోటుకు ఉతుకు పడలేదు.

చివరికి ఇల్లు లేచింది. పెంకుటిల్లు, రెండు గదులు, వెనక నిమ్మచెట్టు. మామగారి పేరుతో మొదటి అడంగల్ నకలు వచ్చిన రోజు పొద్దున్నే ఆయన టేపు తీశారు. కొస నాకే ఇచ్చారు. కుడివైపు పొలంలో అన్న, ఎడమవైపు పొలంలో తమ్ముడు, ఇద్దరూ ఎడ్లను ఆపి చూస్తూ నిలబడ్డారు. ఆయన గుణించారు. ఒక పక్క మళ్ళీ కొలిపించారు. మళ్ళీ గుణించారు. ఆ ముఖం నాకు తెలుసు. పెన్సిలు ఆగిన చోటు కూడా కనపడింది. అరసెంటు తక్కువ.

ఆయన టేపు నెమ్మదిగా చుట్టి, అటూ ఇటూ చూసి, ఇద్దరికీ వినపడేట్టు గట్టిగా అన్నారు.

"సరిగ్గా సరిపోయినాయి!"

ఎడ్లు కదిలాయి. లోపలికి వచ్చాక ఆయన నకలు మడిచి బైబిల్లో పెడుతుంటే మెల్లగా అడిగాను.

"మామయ్యా, నిజంగా ఎంత వచ్చింది?"

"కాగితంలో ఎంతుంటే అంతేనమ్మా," అన్నారు. జన్మలో ఆయన నోట ఆ మాట విన్నది ఆ ఒక్కసారే.