గడువులోపలే రాయాలి

ఆఫీసులో ఆమెను అందరూ స్క్రూడ్రైవర్ వదిన అనేవారు. హ్యాండ్‌బ్యాగులో పౌడరు డబ్బా లేకపోయినా స్క్రూడ్రైవర్ మాత్రం ఉండాల్సిందే. పాడైన కంప్యూటర్లు బాగుచేస్తూ పన్నెండేళ్లు గడిపింది. నెట్‌వర్క్ విభాగంలోకి మారాలంటే ఒక సర్టిఫికెట్ పరీక్ష గట్టెక్కాలి. దానికి కంపెనీ తన ఖర్చుతో, ఫీజుకు బదులు చెల్లే ఒక వోచర్ ఇచ్చింది. ఒక్కటే. అది పోతే రెండోసారి సొంత జేబులోంచి కట్టుకోవాలి.

పరీక్ష గురువారం ఉదయం పదింటికి. మంగళవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అత్తగారి మోకాలి ఆపరేషన్‌కి గురువారం ఖాళీ దొరికిందట, కాదంటే మళ్లీ రెండు నెలల తర్వాతేనట. భర్త సరుకు లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు.

"నా మోకాలు ఎక్కడికీ పారిపోదులేవే. ఇంకో రెండు నెలలు కుంటుతాను, నువ్వు పరీక్ష రాసెయ్," అంది అత్తగారు, గోడ పట్టుకుని వంటింట్లోకి నడుస్తూ. ఆ మాటంటున్నప్పుడే నొప్పికి ఆవిడ పెదవి కొరుక్కోవడం కోడలు చూసింది.

"కుదరదు అత్తయ్యా. గురువారం మనం ఆసుపత్రికే వెళ్తున్నాం. పరీక్ష సంగతి నేను చూసుకుంటా."

పక్క సీటు కుర్రాడికీ అదే వోచర్ వచ్చింది. విషయం విని తేలిగ్గా తీసిపారేశాడు. "దానికెందుకు వదినా అంత బెంగ? గురువారం వెళ్లడం మానెయ్. వోచర్‌కి నెలాఖరు దాకా గడువుంది కదా, ఆలోగా ఇంకో తేదీ బుక్ చేసిపడేస్తే సరి. పరీక్ష వచ్చే నెల్లో రాసుకోవచ్చు."

ఆమెకు ఆ మాట మీద గురి కుదరలేదు. బుకింగ్ చేసినప్పుడు వచ్చిన మెయిల్ తెరిచి, ఎవరూ చదవని చిన్న అక్షరాల దాకా చదివింది. చెప్పకుండా మానేస్తే ఆ ప్రయత్నం పోయినట్టే, వోచర్ తిరిగి రాదు. తేదీ మార్చుకోవాలంటే పరీక్షకు ఇరవైనాలుగు గంటల ముందే మార్చుకోవాలి. గడువులోగా బుక్ చేస్తే చాలదు, గడువులోగా రాసేయాలి. తేదీ మార్చినంత మాత్రాన గడువు పెరగదు.

"తమ్ముడూ, ఇటు రా, నువ్వూ చదువు," అని స్క్రీన్ అతనివైపు తిప్పింది. కుర్రాడి మొహం పాలిపోయింది. అతను బుక్ చేసుకున్నది వచ్చే నెల మొదటి వారానికే.

"అయ్యబాబోయ్! నా వోచర్ చెల్లదన్నమాటేగా?"

"ఇంకా ఏం మునిగిపోలేదు. ముందు నాది తేల్చి నీది చూద్దాం."

తన బుకింగ్ రద్దు చేయలేదామె. రద్దు చేశాక ఎక్కడా సీటు లేకపోతే రెంటికీ చెడినట్టవుతుంది. పరీక్ష వెబ్‌సైట్‌లో తేదీ మార్చుకునే పేజీకే వెళ్లి వెతికింది. ఊళ్లోని కేంద్రంలో నెలాఖరు దాకా ఒక్క సీటూ లేదు. పక్క ఊరి కేంద్రంలో రెండు రోజులు కనిపించాయి: ఒకటి గడువు ముగిసే రోజు, రెండోది దానికి మూడు రోజుల ముందు.

"చివరి రోజు పెట్టుకో వదినా, చదువుకోడానికి ఇంకాస్త టైముంటుంది."

"ఆ రోజు బస్సు చెడిపోయిందనుకో, కేంద్రంలో కరెంటు పోయిందనుకో, మళ్లీ మార్చుకోడానికి రోజేదిరా? పైగా గడువు ముగిసేది ఏ దేశం గడియారం ప్రకారమో!" అంటూ మూడు రోజుల ముందు తేదీనే ఎంచుకుంది. కొత్త తేదీతో మెయిల్ వచ్చి, అందులో పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉందని చూసుకున్నాకే కుర్చీలో వెనక్కి వాలింది. కుర్రాడు మిగిలిన చివరి రోజు సీటు పట్టుకుని దండం పెట్టాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మత్తు వదిలాక అత్తగారు అడిగిన మొదటి మాట, "చదువుతున్నావా?" అని. ఇక ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆవిడే మేష్టారు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ ప్రశ్నలు వేసేది. జవాబు తప్పో ఒప్పో ఆవిడకు తెలియదు. కోడలు తడబడితే మాత్రం ఇట్టే పట్టేసేది. "నసుగుతున్నావు. మళ్లీ చదువు," అనేది. పక్క మంచం ఆవిడ నవ్వాపుకోలేకపోయేది.

పరీక్ష రోజుకు అత్తగారు ఇంటికి చేరి, చేతికర్ర మీద నాలుగడుగులు వేస్తోంది. ఆడపడుచు తోడుగా వచ్చి కూర్చుంది. వదిన తొలి బస్సెక్కి, తెరవకముందే కేంద్రం గుమ్మం దగ్గర నిలబడింది. మొదటి పది ప్రశ్నలకు బుర్ర మొద్దుబారినట్టయింది. తర్వాత చేతులకు పాత పని గుర్తొచ్చినట్టు జవాబులు వరసగా కదిలాయి. చివర్లో స్క్రీన్ మీద పాస్ అని చూసి, నమ్మలేక, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసింది. "అత్తయ్యా, అయిపోయింది. పాసయ్యా."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "నాకు తెలుసులేవే," అంది అత్తగారు. "ముందు ఏదైనా తిను. పొద్దున్నుంచీ ఖాళీ కడుపుతోనే ఉండుంటావు."