మూడు ఎర్త్‌లు

"మెషిన్ ఆఫ్ చేసి ఆన్ చేశారు." ఈ వాక్యం నేనే రాశాను. మదనపల్లెలో నా గదిలో కూర్చుని, రెండు నిమిషాలు కూడా ఆలోచించకుండా రాశాను. పాల కేంద్రాల కోసం నేను తయారుచేసిన డబ్బాకు పనులు మూడు. ట్యాంకులోని పాలను పది నిమిషాలకోసారి మోటారుతో కలపాలి. పాలు ఎంత చల్లగా ఉన్నాయో రాసుకోవాలి. ఊరివాళ్లు పాలు పోయడం అయిపోయి మూత వేశాక, డెయిరీ వ్యాను వచ్చేలోగా ఎవరైనా మూత తీస్తే ఆ టైము రాసుకోవాలి. డబ్బాను నడిపే మైక్రోకంట్రోలర్ చిప్ ఎప్పుడు మళ్లీ మొదటినుంచి మొదలైనా ఆ వాక్యం కూడా టైముతో సహా జాబితాలో చేరుతుంది.

మొదటి డబ్బాను పుంగనూరు దగ్గరి ఒక పల్లెలో పెట్టారు. మూడో రోజు డెయిరీ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

"ఒక్క పొద్దుట్లో పదకొండు సార్లు ఆపింది ఆయమ్మ. ఆపితే మూత తీసింది నీ డబ్బాకి తెలీదు కదా?"

"తెలీదు సార్."

"అంతే. నీళ్లు పోస్తాండాది. నీ డబ్బా బాగా పట్టించింది."

ఆ పొగడ్త నాకు నచ్చింది. దాన్ని దాచడం సరికాదు. ఇది బాగుంటే ఇంకో తొమ్మిది కేంద్రాలకు డబ్బాలు తీసుకుంటామని ఆయన ముందే చెప్పి ఉన్నాడు.

మర్నాడు పల్లెకు వెళ్లాను. కేంద్రం అంటే ఒక రేకుల గది, ట్యాంకు, ఫ్యాటు చూసే యంత్రం, మూలన బ్యాటరీ, దాని చార్జరు. అన్నీ నడిపేది ఒక నలభై ఏళ్ల అక్క. సూపర్‌వైజర్ నాకంటే ముందే వచ్చి గడపలో నిలబడి ఉన్నాడు. వచ్చే సోమవారంలోగా ఆ పదకొండు సార్లకు కారణం చెప్పకపోతే కేంద్రాన్ని పక్క ఊరికి మారుస్తామని ఆమెతో అప్పుడే చెప్పేశాడు.

"నేను స్విచ్ ముట్టుకోలేదు సార్," అంది ఆమె.

"నువ్వు ముట్టుకోకుంటే డబ్బా యాల రాస్తాదమ్మా? దానికీ నీకూ పగా?"

ఆమె ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది. "నువ్వేనాప్పా దీన్ని చేసిండేది? దీనికి కండ్లు యాడుండాయో కొంచెం సూపించు."

ఆ రోజు నేను చేసినవి: స్విచ్ చూశాను, వదులుగా లేదు. బ్యాటరీ చూశాను, మల్టీమీటరులో పన్నెండున్నర వోల్టులు. మోటారు తిరిగేటప్పుడు కూడా పన్నెండు కంటే తగ్గలేదు. చిప్‌కి అందే ఐదు వోల్టులు కూడా కదలలేదు. డబ్బాలో తప్పు లేదనుకున్నాను. డబ్బాలో లేకపోతే మనిషిలో ఉన్నట్టే కదా అనుకున్నాను. బయల్దేరే ముందు, ఆమె క్యాన్లు కడగడానికి బయటికి వెళ్లినప్పుడు, స్విచ్ మీటకూ డబ్బాకూ కలిపి సన్నటి టేపు ముక్క ఒకటి అంటించాను. స్విచ్ నొక్కితే అది ఊడాలి.

మరుసటి పొద్దున మదనపల్లె నుంచి మొదటి బస్సుకే వచ్చాను. టేపు అంటించినది అంటించినట్టే ఉంది. జాబితాలో మాత్రం ఏడు వాక్యాలు కొత్తగా చేరాయి.

"ఊడిందా?" అంది అక్క వెనకనుంచి.

"ఊడలేదు," అన్నాను.

"రాత్రే సూసినా. మా గొర్రెలకి సెవులకేసే గుర్తు మాదిరి ఉండాది. నువ్వు కూడా నన్ను దొంగనే అనుకున్యావు. ఆయన నోటితో అన్యాడు, నువ్వు టేపుతో అన్యావు."

నేను తల వంచుకుని ఆ ఏడు టైములనూ కాగితం మీద కిందికి రాసుకున్నాను. అలా రాసుకుంటే తప్ప నాకు ఏదీ కనపడదు. ఆరూ పది, ఆరూ ఇరవై, ఆరూ నలభై, ఆరూ యాభై. ఎక్కడా ఏడు నిమిషాలు, పదమూడు నిమిషాలు లేవు. తేడా ఎప్పుడూ పదే, లేకపోతే ఇరవై. నీళ్లు పోసే మనిషి గడియారం పట్టుకుని ఇంత ఖచ్చితంగా పోయదు. పది నిమిషాలకోసారి జరిగేది ఆ గదిలో ఒక్కటే ఉంది, మోటారు మొదలవడం.

"అక్కా, మోటారు వేసేటప్పుడు డబ్బా తనకు తానే ఆగి మొదలవుతున్నట్టుంది."

"ఉన్నట్టుందా, ఉండాదా?"

"ఇంకా తెలీదు."

"తెలిసినాక చెప్పు. ఇదే మాట నిన్న నాకు తెలీదంటే ఎవురూ ఇనలేదు."

డబ్బా మూత విప్పి లోపలి సర్క్యూట్ బోర్డు తీసుకుని, వెంకటగిరికోట మీదుగా కుప్పం వెళ్లాను. నేను చదివిన కాలేజీ అక్కడే. ల్యాబులో ముప్పై ఏళ్లుగా ఉన్న పెద్దాయన ఒకరు నాకు సోల్డరింగ్ నేర్పారు. బోర్డును వెలుతురుకు ఎత్తి చూసి నవ్వారు.

"ఏమప్పా, కెపాసిటర్లన్నీ పెండ్లి బంతిలో కూర్చోబెట్టినట్టు వరసగా పెట్టినావే."

నిజమే. కరెంటును కాస్త నిల్వ ఉంచే ఆ ఆరు కెపాసిటర్లూ బోర్డు అంచున ఒకే వరసలో, సమాన దూరంలో ఉన్నాయి. సర్క్యూట్ బొమ్మలో ప్రతి ఒక్కటీ సరైన తీగెల మధ్యే ఉంది. చూడ్డానికి బాగుంటుందని అలా పేర్చాను.

"బొమ్మలో ఉంటే చాలదు. చిప్‌కి ఉన్నట్టుండి కరెంటు కావాల్సి వస్తే, ఇది ఇంటి ముందర బిందె మాదిరి ఉండల్ల. నువ్వు బిందెను ఊరవతల పెట్టినావు. అంత దూరం సన్నటి దారిలో వచ్చేలోపల చిప్‌కి ప్రాణం పోతాది."

చిప్ కరెంటు కాలికీ నెగెటివ్ కాలికీ అడ్డంగా, వీలైనంత పొట్టి కాళ్లతో, ఒక చిన్న కెపాసిటర్‌ను ఆయనే అతికించారు. అలాంటిదే ఇంకో మోటారును పక్కన పెట్టి, వోల్టేజీ మార్పులను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపు కొసను చిప్ కాళ్ల మీద ఆనించి, అతికించక ముందూ తర్వాతా చూశాం. మోటారు బ్రష్షుల నిప్పురవ్వల వల్ల వచ్చే సన్నటి ముళ్లు అంతకుముందు నిలువుగా పడుతుండేవి, ఇప్పుడు దాదాపు కనపడలేదు. మల్టీమీటరుకు అవి ఎందుకు దొరకలేదో అప్పుడు అర్థమైంది. ఆ ముళ్లు వచ్చి పోయేలోపు దాని అంకె మారనే మారదు.

కానీ ల్యాబులో ఒక్కసారి కూడా చిప్ రీసెట్ కాలేదు, అంటే తనకు తానే ఆగి మొదలవలేదు, కెపాసిటర్ అతికించక ముందు కూడా. దాంతో ఆయనకు అనుమానం వచ్చింది.

"ఈడ రాని జబ్బు ఆడ వస్తాందంటే, ఆడ తీగెలు వేరే మాదిరి ఉండాయని. మోటారు నల్ల తీగె యాడికి పోతాండాదో సూసినావా?"

చూడలేదు. తీగెలు వేసింది నిమ్మనపల్లె ఎలక్ట్రీషియన్. నేను ఇచ్చిన బొమ్మ ప్రకారమే వేశానని ఆయన చెప్పాడు, నేను నమ్మాను. అక్క మాటను నమ్మడానికి నాకు టేపు కావలసి వచ్చింది.

బయల్దేరే ముందు ప్రోగ్రాములో ఒక్క మార్పు చేశాను. రీసెట్ ఎందుకు అయ్యిందో చిప్ తనలోనే గుర్తు పెట్టుకుంటుంది. కరెంటు పూర్తిగా పోయి వచ్చిందా, లేక కరెంటు ఉండగానే వోల్టేజీ దిగజారిందా అన్నది వేరువేరుగా చెప్తుంది. నేను ఇన్నాళ్లూ దాన్ని అడగనేలేదు. రెండింటికీ ఒకే వాక్యం రాయించాను.

పల్లెలో బోర్డు తిరిగి బిగించాక ఆ పూట రీసెట్లు రెండే. రెండింటి పక్కనా ఒకటే కారణం, వోల్టేజీ దిగజారింది. స్విచ్ కాదు. అక్కకు చూపించాను.

"రెండు సార్లయినా దొంగతనం దొంగతనమే అంటాడు ఆయన. సున్నా కావల్ల," అంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. చార్జరు తీసేసి, కాలేజీ నుంచి తెచ్చిన ఆసిలోస్కోపు ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో కొసను చిప్ నెగెటివ్ కాలికి పెట్టాను. రెండూ ఒకే నెగెటివ్, వాటి మధ్య వోల్టేజీ ఏమీ ఉండకూడదు. మోటారు మొదలైన క్షణంలో తెర మీద అర వోల్టు దాటి ఒక మూపురం లేచి, మోటారు వేగం అందుకోగానే దిగింది.

అప్పుడు నల్ల తీగె వెంట వేలు పెట్టుకుంటూ పోయాను. అది బ్యాటరీకి పోలేదు. డబ్బా కుడి అంచున, ట్యాంకు మూత తీస్తే తెలిపే స్విచ్ కోసం ఉన్న చిన్న కనెక్టరులోకి పోయింది. బ్యాటరీ తీగె వచ్చేది, బ్యాటరీ పన్నెండు వోల్టులను ఐదుకు తగ్గించే రెగ్యులేటర్ ఉండేది ఎడమ అంచున. మోటారు మొదట లాగే పది ఆంపియర్లూ తిరిగి బ్యాటరీకి చేరడానికి, వెంట్రుకలాంటి రాగి గీత మీదుగా, చిప్ కాళ్ల కిందుగా, బోర్డు మొత్తం దాటి పోతున్నాయి. ఆ దారిలో చిప్ నెగెటివ్ కాలు అర వోల్టుకు పైగా పైకి లేస్తోంది. రెగ్యులేటర్ ఐదే ఇస్తున్నా, చిప్‌కి మిగిలేది నాలుగున్నర లోపు. నాలుగూ పాయింటు మూడుకు దిగితే రీసెట్ కమ్మని చిప్‌కి చెప్పింది నేనే.

"ఎందుకన్నా ఇక్కడ పెట్టినావు?" అన్నాను.

ఎలక్ట్రీషియన్ నా బొమ్మ జేబులోంచి తీసి విప్పాడు. "సూడప్పా. ఈడ ఎర్త్, ఆడ ఎర్త్, ఆ కొసాన ఎర్త్. మూడింటికీ నువ్వే ఎర్త్ అని రాసుండావు. దగ్గరుండే దాంట్లో పెట్టినా. ఎర్త్ అంటే ఎర్త్ కదా, దాంట్లో పెద్దెర్తు సిన్నెర్తు ఉంటాదా?"

అక్క పకపకా నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఎలక్ట్రీషియన్ తప్పేమీ లేదు. మా వైపు నల్ల తీగె ఏదైనా ఎర్తే. నేనూ అలాగే పెరిగాను, అలాగే రాశాను. లావు తీగె ఒకటి తెప్పించి మోటారు నెగెటివ్‌ను నేరుగా బ్యాటరీకే కలిపాం. మోటారు కరెంటు తన దారిన తాను పోయింది, బోర్డు తీగెతో బ్యాటరీ దగ్గర తప్ప ఎక్కడా కలవలేదు. తెర మీద మూపురం చదునైంది. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున, రెండు పూటలా సున్నా.

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"అంటే ఆ పదకొండూ నీ తప్పేనా?"

"ఆ మాట రాయించింది నేనే సార్."

"ఆయమ్మే నీతో ఇట్ల చెప్పిస్తాండాదా?"

లేదని మూడు సార్లు చెప్పాల్సి వచ్చింది. కేంద్రాన్ని మార్చనన్నాడు, కానీ మిగతా తొమ్మిది డబ్బాల సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఆ గొంతు విన్నాక, అది ఎప్పటికీ రాని తర్వాత అని నాకు అర్థమైంది.

అక్కకు అది చాలలేదు. "ఆయనకు చెప్పినావు సరే. ఈడ క్యాన్లు ఎత్తుకోని వచ్చేవాళ్లకి ఎవురు చెప్తారు? వారంగా నన్ను సూసి మాట్లాడుకుంటాండారు."

సోమవారం పొద్దున వరసలో ఉన్న ఇరవై మంది ముందు నిలబడి చెప్పాను. అక్క స్విచ్ ముట్టుకోలేదనీ, నా బోర్డులో తప్పనీ, దాన్ని మనిషి మీదికి తోసేలా మాట రాయించానని చెప్పాను. కెపాసిటర్ గురించి, నల్ల తీగె గురించి కూడా వివరించబోయాను. ముందున్న ముసలాయన క్యాను కింద పెట్టి అంతా విన్నాడు.

"సరే నాయనా. అయితే ఆ నీళ్లు ఎవురు కలిపినట్టు?"

"నీళ్లే కలవలేదు పెద్దాయనా."

"కలవకుండానే కలిసినాయని రాసిందా మెషిన్?"

"అలా రాయలేదు. ఆఫ్ చేసి ఆన్ చేశారని రాసింది."

"చేశారు అంటే ఎవురో చేసినట్టే కదా," అన్నాడు ఆయన.

ఆయన అక్క వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, క్యాను ఎత్తుకుని ముందుకు జరిగాడు. అక్క ఆయన పాల శాంపిల్ తీసింది.