పలకని డబ్బా

మా అమ్మ గురమ్మ చివరిసారి చేసిన పని, ఇసకలో ఎండకు పరిచిన నెత్తళ్ల చేపలను తిరగేయడం. పక్కనే నూకయ్య మావ వల బాగుచేసుకుంటున్నా అటు తల తిప్పలేదట. ఆ మధ్యాహ్నమే గుండె ఆగింది.

అప్పటికి పదకొండు రోజులుగా ఆవిడ అతనితో మాట్లాడటం లేదు. ఇరవై ఏళ్లుగా కళింగపట్నం ఒడ్డున అతని పడవ చేపే కొనేది. ఆ సోమవారం వేలంలో ఒక గంప రెండువేల నాలుగు వందలకు పాడి, అతని ఫోన్ నంబరుకు డబ్బు పంపింది. ఖాతాలో డబ్బు తెగినట్టు మెసేజ్ వచ్చిందని ఒడ్డున కుర్రాడెవరో చదివి చెప్పాడు. యాప్ మాత్రం ‘విఫలం’ అంది.

“నాకు రానేదే, గురమ్మా.”

“నా కాతాలో తెగింది కదేటి. మరెటెల్లింది, సముద్రంలోకా?”

“సముద్రాన్నడుగు.”

మా ఒడ్డున డబ్బు ముట్టకుండా గంప లేవదు. అమ్మ బొడ్డుసంచిలోంచి నోట్లు తీసి మళ్లీ ఇచ్చింది. రెండుసార్లూ అతనికే చేరిందని ఆవిడ అనుమానం.

నేను విజయనగరం నుంచి ఫోన్‌లో చెప్పాను: “మనిషికి పంపింది జమ కాకపోతే మర్నాటిలోగా దానంతటదే వెనక్కి రావాలి. దుకాణానికి కట్టినదైతే ఐదు రోజులు. గడువు దాటితే బ్యాంకే రోజుకు వంద ఇవ్వాలి. ఎవరికీ పిన్ చెప్పకు.”

మంగళవారం సాయంత్రం అడిగితే, “రానేదే” అంది. బుధవారం కూడా అదే మాట. ఎలా చూశావని నేనడగలేదు. పైగా, “అయితే మావ పాస్‌బుక్ చూపించమను,” అన్నాను.

పదిమందిలో అడిగిందట. “నన్ను దొంగంతన్నావేటే?” అన్నాడట అతను. “పుస్తకం సూపితే అననులే,” అందట అమ్మ. మర్నాటి నుంచి వేరే పడవ దగ్గర కొనడం మొదలుపెట్టింది.

కర్మలయ్యాక ఖాతా మూయించడానికి వెళ్లి పాస్‌బుక్ అచ్చు వేయించాను. సోమవారం రెండువేల నాలుగు వందలు పోయాయి. మంగళవారం ఉదయమే అవే తిరిగి జమయ్యాయి.

శ్రీకూర్మంలో ఎండుచేపలమ్మే బల్ల మీద అమ్మకు డబ్బు చెప్పే డబ్బా ఒకటుండేది. కొన్నవాళ్లు స్కాన్ చేస్తే ఎంత వచ్చిందో బిగ్గరగా చెప్పేది. చదువు రాని అమ్మకు అది పలికితేనే డబ్బు వచ్చినట్టు. వెనక్కి వచ్చిన సొమ్మును ఆ డబ్బా చెప్పదని, నేరుగా ఖాతాలో పడుతుందని బ్యాంకు గుమస్తా చెప్పాడు.

పాస్‌బుక్ పట్టుకుని నూకయ్య మావ ఇంటికెళ్లాను. ఆయన దాన్ని చూడకుండా గూట్లోంచి తన పుస్తకం తీశాడు. గొడవైన మర్నాడే అచ్చు వేయించుకున్నది.

“రెండుమార్లు తెచ్చినాను. మీయమ్మ తలుపు తియ్యనేదు,” అన్నాడు.