వద్దన్న పనీ పూర్తయినట్టేనట

ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఒక టెస్టర్‌ను అందరూ జల్లెడ అనేవారు. ఏ తప్పూ ఆమెను దాటి పోయేది కాదు. లాగిన్ విభాగపు పరీక్షలన్నీ, పనుల జాబితా నడిపే సిస్టమ్‌లోని ఆటోమేషన్ రూల్ ప్రకారం, వాటంతటవే ఆమె పేరున చేరేవి.

ఒక ఉదయం, పాస్‌వర్డ్ మార్చుకున్న కస్టమర్లెవరూ లాగిన్ కాలేకపోయారు. మేనేజర్ అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"లాగిన్ నీదే కదా? చూడకుండా ఎలా వదిలేశావ్?"

ఆమెకు ఒళ్లు మండింది. స్క్రీన్ ఆయన వైపు తిప్పింది. ఆమె సెలవులో ఉండగా, పాస్‌వర్డ్ విధానంలో కొత్త మార్పును తొందరగా విడుదల చేయాలని, ఆ పని కింద ఉన్న 'పరీక్ష' అన్న ఉపపనిని ఆయనే 'అక్కర్లేదు' అని మూసేశాడు. ఉపపనులన్నీ మూతపడటంతో సిస్టమ్‌లోని మరో రూల్ అసలు పనిని కూడా పూర్తయినట్టు మూసేసింది. అది చూసి మిగతావాళ్లు విడుదల చేసేశారు.

"మూసింది సిస్టమ్ కదమ్మా," అని మేనేజర్ నసిగాడు.

"చేసిన పనికీ వద్దన్న పనికీ తేడా సిస్టమ్‌కి తెలీదు సార్. మీకు తెలుసుగా!"

మధ్యాహ్నానికి ఆ రూల్ మార్చారు. ఉపపనుల్లో ఒక్కటి 'అక్కర్లేదు' అని మూసినా, ఎవరైనా మనిషి చూసేదాకా అసలు పని తెరిచే ఉంటుంది.

సాయంత్రం లిఫ్ట్ దగ్గర మేనేజర్ గొంతు తగ్గించి "సారీ" అన్నాడు.

"తిట్టింది అందరి ముందు కదా సార్, ఇదీ అక్కడే చెప్పండి," అని ఆమె మెట్ల వైపు నడిచింది.