పిడికెడు బియ్యం తగ్గకుండా

టీ పొట్లం మీద పిల్లల ఫోటో వేసేముందు యేసమ్మను ఎవరూ అడగలేదు. మదనపల్లెలో పోలియో సోకిన ఆడపిల్లల హాస్టలుకు ఆమె వార్డెను. తొంభై ఆరు క్రిస్మస్‌కు మిఠాయిలు పంచడానికి వచ్చిన ఒక టీ పొడి వ్యాపారి పిల్లల ఫోటో తీయించుకుని వెళ్లాడు. సంక్రాంతి దాటాక అది ప్రతి అంగట్లోనూ వేలాడింది. కింద ‘ప్రతి పొట్లానికీ పావలా ఈ పిల్లలకు’ అని అచ్చు.

బళ్లో వాళ్లను ‘టీ పొట్లాలు’ అని పిలిచారు. అంతకన్నా పెద్ద దెబ్బ చర్చిలో తగిలింది. విశ్వాసుల ఇళ్లలో ఆడవాళ్లు అన్నం వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం తీసిపెట్టి ఆదివారం తెస్తారు. హాస్టలు తినేది ఆ బియ్యమే. ఆ ఏడు హాస్టల్లో బియ్యం కుండ అడుగంటింది. ‘కంపెనీ పోషిస్తాంది గదా’ అన్నారు. కంపెనీ ఇచ్చింది మాత్రం ఒక్క చెక్కు, పిల్లల నెల తిండికి కూడా చాలనిది. ఎన్ని పొట్లాలు అమ్మిందీ చెప్పలేదు. ఇలాంటి పెద్దమనుషులను నేను చాలామందిని చూశాను.

అందుకే రెండువేల మూడులో మా యజమాని అంజినప్ప ఇలాంటి బేరంతోనే హాస్టలుకు బయలుదేరితే నాకు నవ్వొచ్చింది. ఆయనది కుప్పంలో బట్టల సబ్బు తయారీ. నేను ఆ సబ్బును అంగళ్లకు వేసేవాణ్ని.

యేసమ్మ తరిమేస్తుందనుకున్నాను. టీ ఇచ్చింది.

“నీకేం మిగుల్తాదప్పా దీంట్లో?” అని అడిగింది.

“పుణ్యంమా.”

“పుణ్యానికైతే చర్చిలో పెట్టె ఉండాది, ఏసిపో. యాపారం సంగతి సెప్పు. నీకు మిగలకుంటే వచ్చే ఏడు రావు. నిన్ను నమ్ముకుని నేను కూసుంటా.”

అంజినప్ప తల గోక్కున్నాడు. “సబ్బు ఎక్కువ పోతాదనేమా.”

“ఇప్పుడు మాట సక్కంగుండాది.”

ఆమె షరతులు పెట్టింది. పిల్లల ముఖాలు వేయకూడదు. సబ్బుకు ఎంతో, ఎప్పటిదాకానో రేపరు మీద ఉండాలి. అమ్మకం పడిపోయినా కనీసం ఇంత అని ముందే రాసివ్వాలి. బిల్లులు చర్చి కమిటీకి చూపించాలి. ఆ డబ్బు నడవడానికి పిల్లల కాళ్లకు కట్టే ఇనుప ఊతలకు, కాలిపర్లకు మాత్రమే. తిండి ఊరివాళ్లదేనని కూడా అచ్చు వేయాలి.

“సబ్బు మీద ఇంత రాత యాడ పడతాదిమా!”

“టీ పొట్లం మీద పన్నెండు ముఖాలు పట్లేదా?”

ముందు ఆరు నెలలకే సంతకం పెట్టింది. తేడా తెలియాలని మదనపల్లె, పుంగనూరుల్లో మాత్రం కొత్త రేపరు వేయమంది, కుప్పంలో పాతదే ఉంచమంది. కొన్ని నెలలకు ఆ రెండు ఊళ్ల అంగళ్లలో సరుకు త్వరగా అయిపోసాగింది. కుప్పంలో అమ్మకం ఎప్పటిలాగే ఉంది. ఇటు యేసమ్మ ప్రతి ఆదివారం కుండలో చెయ్యి పెట్టి చూసుకునేది. బియ్యం తగ్గలేదు. అప్పుడే రెండోసారి సంతకం పెట్టింది. పిల్లలు ఎదిగినకొద్దీ కొత్త కాలిపర్లు వచ్చాయి. ఇద్దరికీ మేలు జరిగే బేరం నా కళ్లతో చూసింది అదొక్కటే.

పోయిన నెల పలకరించడానికి వెళ్లాను. టీ పొడి వ్యాపారి మళ్లీ కబురు పెట్టాడట.

“రానిస్తావామ్మా?” అన్నాను.

“రానీప్పా, యాల వద్దనాల? కుర్సీ ఏస్తా. బియ్యం కుండ పక్కనే ఏస్తా. దాంట్లోకి సూస్తా మాట్లాడమంటా.”