ఏనుగు ముద్ర లేని టిక్కెట్టు

పేర్లు రాయను. ఆ రెండు బస్సు కంపెనీల వాళ్ళ మనవలు ఇప్పుడు ఒకరింట్లో ఒకరు భోజనాలు చేస్తున్నారు. వాళ్ళకి గుర్తులేదు గాని నాకుంది. తలుచుకుంటే ఈ వయసులో కూడా పిడికిలి బిగుసుకుంటుంది.

ఏలూరులో ఒక సాయిబుగారి ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. మా తమ్ముడు బస్సు కండక్టరు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఒక బస్సు, భీమడోలు స్టేషను నుంచి కామవరపుకోటకి ఒకటి, కొల్లేటి వైపు మండవల్లికి ఒకటి నడిపే కంపెనీ అది. బస్సు ముందు ఏనుగు బొమ్మ ఉండేది. చదువు రానివాళ్ళు కూడా ఆ బొమ్మ చూసే ఎక్కేవారు. కంపెనీ అసలు పేరు ఎంతమందికి తెలుసో నాకనుమానమే. జనానికి అది ఏనుగు బస్సు, అంతే.

ఆ కంపెనీని కలిసి పెట్టిన ఇద్దరు భాగస్తులు తగువులాడుకున్నారు. తగువంటే మాటలు కాదు. షెడ్డులో ఇద్దరి మనుషులూ గొలుసులతో కొట్టుకున్నారు. చివరికి పెద్దమనుషులు కూర్చుని తీర్పు చెప్పారు. పాత పేరు, ఏనుగు గుర్తు, "ఏనుగెక్కినంత సుఖం" అనే మాట పెద్ద భాగస్తుడివి. ఆయన కొత్త బస్సులు కొనుక్కుంటాడు. నడుస్తున్న బస్సులు, నౌకర్లు చిన్న భాగస్తుడివి. ఆయన కొత్త పేరు పెట్టుకోవాలి. ఉగాది నుంచి ఆయన కాగితం మీద గాని గోడ మీద గాని ఏనుగు కనిపించకూడదు. కనిపిస్తే పెద్దాయన మనుషులు ఏం చేసినా పెద్దమనుషులు అడ్డురారు. ఆ చివరి మాట నాకు అప్పుడే నచ్చలేదు. బస్సు గుమ్మంలో నిలబడేది మా తమ్ముడు మరి.

చిన్నాయన దీపం గుర్తు పెట్టుకున్నాడు. "చీకటి పడకముందే ఇంటికి" అన్నది కొత్త మాట. చీకటి పడకముందే ఇల్లు చేరేవాడికి దీపమెందుకని అడగబోయాను. సాయిబుగారు కళ్ళతోనే వద్దన్నారు.

కంపెనీ కాగితాలన్నీ మా ప్రెస్సులోనే అచ్చయ్యేవి. మొదట ఏనుగు బొమ్మ వేసే చెక్క బ్లాకు సంగతి తేల్చారు. పెద్దమనుషుల ఎదుట ప్రెస్సు వాకిట్లో దాన్ని మొద్దు మీద పెట్టి గొడ్డలితో రెండు ముక్కలు చేశారు. ఆ ఏనుగుని చెక్కింది సాయిబుగారే. తొండం ఒకవైపు, కాళ్ళు ఒకవైపు పడ్డాయి. ఆయన లోపలికి వెళ్ళి ఆ పూటంతా ట్రెడిలు మిషను ముట్టుకోలేదు.

బొమ్మని నరకడం సులువే. మాటల్లో దాక్కున్న ఏనుగుని పట్టుకోవడమే కష్టం. బోర్డు మీద పేరు మార్చేస్తే అయిపోయిందనుకునేవాళ్ళు మూర్ఖులు. టైంపట్టీ అడుగున "మా ఏనుగు గుర్తు చూచి ఎక్కండి" అని సన్న అక్షరాల్లో ఉంది. సామాను రసీదులో పాత పేరు పొట్టిగా ఉంది. పంచాంగంలో వేసే ప్రకటనలో పేరు మార్చారు గాని "గజగమనం" అన్న మాట అలాగే ఉంది. బస్సు లోపల అంటించే నోటీసులో "ఫిర్యాదులు పాత ఆఫీసుకే" అని ఉంది. ఆ ఆఫీసు ఇప్పుడు పెద్దాయనది. అంటే మన మీద ఫిర్యాదు శత్రువుకి చెప్పమని మనమే రాసుకున్నామన్నమాట! కంపోజిటరు చేత బిగ్గరగా చదివిస్తూ, నేను పాత నకలు మీద వేలు పెట్టుకుని, ఒక్కొక్కటే పీకి పారేశాను. పేరు వెతికితే చాలదు, పేరుకి బదులు వాడే మాటలన్నీ వెతకాలి. బొమ్మ లేకపోయినా బొమ్మ ఊసు ఎక్కడుందో చూడాలి.

గోడలు మాత్రం నా మాట వినలేదు. మండవల్లిలో ఒక పెంకుటింటి గోడ మీద ఏనుగుని సున్నంతో కప్పించారు. ఒక్క వాన పడేసరికి సున్నం కారిపోయి ఏనుగు మళ్ళీ బయటికొచ్చింది. ఉగాది ఇంకా రాకపోయినా, మర్నాడే అక్కడ మన బస్సు అద్దాలన్నీ పగిలాయి. డ్రైవరు పెదవి చిట్లింది. వెంటనే తారు పూయించారు.

ఇక టిక్కెట్ల వంతు వచ్చింది. మా ప్రెస్సులో ఒక పద్ధతి ఉండేది. టిక్కెట్ల వెనక వైపు నియమాలు ఎప్పుడూ మారవు కాబట్టి ఏడాదికి సరిపడా ముందే అచ్చువేసి కట్టలు కట్టి పెట్టేవారు. ముందు వైపు ఊళ్ళ పేర్లు, గుర్తు మాత్రం కావలసినప్పుడల్లా వేసేవారు. అందుకని నా బల్ల మీదకి ముందు వైపు ప్రూఫే వచ్చింది. దీపం చక్కగా వెలుగుతోంది. పేరు కొత్తది. మాట కొత్తది.

చిన్నాయన పక్కనే నిలబడి తొందరపెడుతున్నాడు.

"వెనక వైపు కూడా ఓసారి చూడాలండి," అన్నాను.

"వెనకేం ఉంటాయండీ? పిల్లలకి సగం, కోళ్ళని తేకూడదు, అంతేగా. పేరు కూడా లేదు అక్కడ. కట్టలు విప్పితే మళ్ళీ ఆలస్యం. ఉగాది నెత్తి మీదకొచ్చేసింది."

"పేరు లేకపోతే మాత్రం? విప్పించండి. చూడకుండా నేను సంతకం పెట్టను."

ఆయన మొహం ఎర్రబడింది. బల్ల అంచున ఉన్న గ్యాలీ పళ్ళేన్ని చేత్తో ఒక్క తోపు తోశాడు. కూర్చిన అక్షరాలన్నీ నేలంతా చిందాయి. నా చొక్కా పట్టుకుని, "నీ తమ్ముడు నా బస్సు మీదే బతుకుతున్నాడు, గుర్తుంచుకో," అన్నాడు. అప్పటిదాకా మీరు అన్న మనిషి నువ్వులోకి దిగాడు. నేను ఆయన చెయ్యి మెలిపెట్టి వెనక్కి తోశాను. సాయిబుగారు కొయ్య సుత్తి ఎత్తి మా మధ్యకొచ్చారు.

"ఏవండీ, ఇది ప్రెస్సండీ, కుస్తీ గోదా కాదు. మీ టిక్కెట్లు మీరు పట్టుకెళ్ళండి. పంతులుగారు సంతకం పెట్టలేదని మాత్రం నేను రాసి ఉంచుతాను."

ఆయన అలాగే పట్టుకెళ్ళాడు. ప్రూఫు మీద తనే సంతకం గీకాడు.

ఉగాది వెళ్ళాక కొత్త టైంపట్టీలు అంటించడానికి నేనే భీమడోలు వెళ్ళాను. అంటించే కుర్రాళ్ళు పాతదాని పక్కన కొత్తది అంటిస్తారు. పాతది చింపాలన్న జ్ఞానం వాళ్ళకుండదు. స్టేషను బయట మా దీపం బస్సు ఆగి ఉంది. దాని వెనకే పెద్దాయన కొత్త ఏనుగు బస్సు ఆగింది. రైలు దిగినవాళ్ళు అలవాటుగా పాత బస్సే ఎక్కి కూర్చున్నారు. తమ్ముడు టిక్కెట్లు కొట్టేశాడు. నేను జిగురు బకెట్టు పట్టుకుని గోడ దగ్గరున్నాను.

ఏనుగు బస్సు డ్రైవరు దిగి వచ్చాడు. పెద్దాయన ఎక్కువ జీతమిస్తానంటే అటు వెళ్ళినవాడు. మా తమ్ముడికి పని నేర్పింది వాడే. వాడి వెనక ఇంకో నలుగురు. వాడొక ముసలాయన చేతిలోంచి టిక్కెట్టు లాక్కుని, తిరగేసి, అందరికీ వినిపించేలా చదివాడు.

"ఏనుగు ముద్ర లేని టిక్కెట్టు చెల్లదు."

ముందు దీపం. వెనక ఆ వాక్యం. ఆ టిక్కెట్టు తన నోటితో తనే చెల్లనని చెప్పుకుంటోంది.

"విన్నారా అండీ? వాళ్ళ టిక్కెట్టే చెబుతోంది. ఏనుగు మాది. దిగండి, మా బస్సెక్కండి!"

దిగని వాళ్ళని లాగారు. ఒకావిడ బుట్ట రోడ్డు మీద బోర్లా పడింది. ముసలాయన్ని జబ్బ పట్టి ఈడ్చారు. తమ్ముడు గుమ్మంలో రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"బావా, జనం మీద చెయ్యెయ్యకు. అచ్చు తప్పు అది. నీకు తెలుసుగా," అన్నాడు. వరస లేకపోయినా వాణ్ణి ఎప్పుడూ బావా అనే పిలిచేవాడు.

"తప్పుకోరా."

"తప్పుకోను."

బండి స్టార్టు చేసే ఇనప హ్యాండిలు వాడి చేతిలో ఉంది. ఒక్కటే దెబ్బ. ఆ చప్పుడు నేనిక్కడ రాయలేను. తమ్ముడు మెట్టు మీంచి మొహం పట్టుకుని పడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు చేతిలోని టిక్కెట్ల కట్ట మీదకి కారింది. నేను జిగురు బకెట్టుతో ఆ డ్రైవరు తల మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. నన్ను కింద పడేసి పక్కటెముకల మీద తన్నారు. నేనొకడి పిక్క కొరికాను. సిగ్గులేదు చెప్పడానికి, ఇంకా గట్టిగా కొరకవలసింది. స్టేషను పోర్టర్లు పరుగెత్తుకొచ్చి విడదీశారు.

తమ్ముడి ఎడమ కన్ను పోయింది. ఏలూరు ఆసుపత్రిలో కట్టు కట్టాక మొదటి మాటగా, "ముసలాయన ఊరు చేరాడా అన్నయ్యా?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అప్పటికప్పుడే వెళ్ళి చిన్నాయన గొంతు పట్టుకోవాలనిపించింది. ఆయనే పళ్ళ బుట్టతో వచ్చాడు. బుట్ట తీసుకుని ఆయన ఎదుటే మెట్ల మీద విసిరికొట్టాను.

వాక్యం మాత్రం మార్చాను. నా పని అది. "దీపం ముద్ర లేని టిక్కెట్టు" అని పెట్టమన్నారు. పెట్టలేదు. "కంపెనీ ముద్ర లేని టిక్కెట్టు చెల్లదు" అని పెట్టాను. రేపు దీపం పోయి ఇంకోటి వచ్చినా ఎవడి కన్నూ పోకూడదు. పాత కట్టలన్నీ విప్పించి, నా ఎదుటే పొయ్యిలో వేయించాను.

పోలీసు కాగితంలో దెబ్బతిన్నవాడు "ఏనుగు బస్సు కండక్టరు" అని రాశారు. "ఏనుగు వాళ్ళు కొట్టినవాళ్ళండీ, తిన్నవాడు దీపం," అని హెడ్డు కానిస్టేబులుతో పోట్లాడాను.

"అందరికీ తెలిసిన పేరు అదేగదండీ పంతులుగారూ," అన్నాడాయన.

ఆ పేరు మా వాణ్ణి జీవితాంతం వదల్లేదు. ఒంటికన్నుతోనే మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు. దీపం బస్సులోనే తల నెరిసింది. అయినా సంతలో, రైల్లో, పెళ్ళిలో, ఎవరు పలకరించినా "ఏనుగు బస్సు కండక్టరుగారా?" అనేవాళ్ళు. నేను పక్కనుంటే వెంటనే దిద్దేవాణ్ణి. దీపమండీ, దీపం. నా గొంతు లేచేది. తమ్ముడు నా చెయ్యి నొక్కేవాడు.

"పోనీ అన్నయ్యా. వాళ్ళు నన్నే అంటున్నారుగా."

మొన్న వాడు పోయాడు. పెద్దకర్మ కార్డు ప్రూఫు నా దగ్గరికే తెచ్చారు. పేరు కింద "దీపం బస్సు కండక్టరు" అని నేనే రాసిచ్చాను. పెద్ద కొడుకు చదివి తల గోక్కున్నాడు.

"పెదనాన్నా, ఇలా వేస్తే కామవరపుకోట వైపు ఎవరికీ నాన్నని తెలీదండీ. ఎవరూ రారు."

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. తర్వాత కలం తీసి, దీపం మీద గీత కొట్టి, పక్కన మార్జిన్లో ఏనుగు అని రాశాను. కింద సంతకం పెట్టి ఇచ్చేశాను.

పెద్దకర్మ నాడు మా వీధి పట్టనంతమంది వచ్చారు.