కొసనుంచి చదివిన మాటలు

విరుదునగర్‌లో బస్సు ఎక్కగానే వెనక సీట్ల మధ్య ఎవరో క్యాలెండర్ కట్టలు పెట్టినట్టున్నారు, పచ్చి సిరా వాసన గుప్పుమంది. ఆరీ ఆరని ఎర్ర సిరాది ఒక ప్రత్యేకమైన వాసన. కొంచెం కిరసనాయిలు, కొంచెం తడి కాగితం. కిటికీలోంచి వేడిగాలి, పత్తి చేల మీద తెల్లటి ఎండ, రెప్పలు బరువెక్కుతున్న మధ్యాహ్నం. కోవిల్‌పట్టి చేరేదాకా నేను బస్సులో ఉన్నానో, ఆండాళక్క బల్ల పక్కన ముక్కాలి పీట మీద ఉన్నానో నాకే తెలియలేదు.

ఆండాళక్క పోయి రెండేళ్ళయింది. విరుదునగర్ శివార్లలో నేను పనిచేసిన ప్రెస్సులో ఆమె ప్రూఫు విభాగానికి పెద్ద. ఆమెదీ నాదీ తెలుగు మాట్లాడే ఇళ్ళే కానీ అక్షరాలు తెలియవు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, బళ్ళో చదివిందీ తమిళమే. ఆంధ్ర నుంచి వచ్చే తెలుగు క్యాలెండర్ల పని కోసం అక్క నలభై ఏళ్ళ వయసులో తనంతట తాను తెలుగు అక్షరాలు నేర్చుకుంది. తర్వాత నాకు నేర్పింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన అక్షరమే.

ముందే చెప్పేస్తాను, నేను మరిచిపోయే మనిషిని కాను. మూడో తరగతిలో నన్ను వెనక బెంచీకి పంపిన పంతులు చొక్కా రంగు నాకింకా గుర్తే. ప్రెస్సులో చేరిన మొదటి నెలలోనే యజమానికి మూడు ఫిర్యాదులు రాశాను. మూడోది మిషను మేస్త్రి మీద. దాన్ని యజమాని నా చేతికే తిరిగిచ్చి, "ఆండాళమ్మకు చూపించు" అన్నాడు. అక్క కళ్ళద్దాలు సర్దుకుని ఆ కాగితాన్ని ఆఖరి వాక్యం నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది.

"ఏందక్కా, తలకిందులుగా చదవతా ఉండావు?"

"ప్రూఫు అట్లే చదవాల శీనా. పైనుంచి వస్తే కత లాక్కునిపోతుంది. ఉండాల్సిన మాట లేకపోయినా మనసే దాన్ని పూరించుకుంటుంది. కొసనుంచి వస్తే కాగితంలో ఏముందో అదే కనబడుతుంది."

పైదాకా వెళ్ళి, ఎర్ర పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, "ఇందులో మేస్త్రి చేసింది రెండు వరసలు. మిగిలిందంతా నీ కోపం" అంది. ఆ మాట కూడా నేను మరిచిపోలేదు. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం రోజూ మధ్యాహ్నం తన డబ్బాలోంచి సగం పులుసన్నం నా మూతలో వేసి పెడుతూనే ఉంది, నేను మాట్లాడటం లేదన్న సంగతే గమనించనట్టు.

అసలు చెప్పాలనుకున్నది ఆ తర్వాత నాలుగేళ్ళకు జరిగింది. మా చెల్లెలు సరసును కోవిల్‌పట్టిలో ఇచ్చాం. బావ గురుసామి కడలై మిఠాయి, అంటే వేరుశనగ అచ్చులు చేసే చోట బెల్లం పాకం పట్టే పని చూస్తాడు. వాళ్ళ పాప మీనాకు మూడో ఏడు వచ్చింది. చెవులు కుట్టించాలి. మాలో ఆ వేళ పిల్ల మేనమామ ఒడిలోనే కూర్చోవాలి. మేనమామను నేనొక్కణ్ణే. ముందురోజు సాయంత్రం చుట్టాలకు ఏం పెట్టాలని సరసు ఒక ఆదివారం పొద్దున మా ఇంటి వాట్సాప్ గుంపులో అడిగింది. ఆ గుంపులో మేం తెలుగునే తమిళ అక్షరాల్లో కొడతాం. పెద్దవాళ్ళూ, చేతులు ఖాళీ లేనివాళ్ళూ మాట రికార్డు చేసి గొంతు పంపుతారు.

నేను మా విరుదునగర్ నూనె పరోటా అన్నాను, నూనెలో మునిగి కరకరమంటూ లేచేది. బావ పెనం మీద కాల్చిన మెత్తటిదే కావాలన్నాడు. బావమరిదినని నన్ను మచ్చా అంటాడు. "మచ్చా, మీ ఊరి పరోటా పెడితే పక్కన పళ్ళ డాక్టరును కూడా కూచోబెట్టాల" అని గొంతు పంపాడు. "మీ ఊళ్ళో పొద్దస్తమానం బెల్లం నమిలి నమిలి పళ్ళెక్కడ మిగిలినాయి బావా?" అని నేను కొట్టాను. నవ్వు బొమ్మలు, చిత్తప్ప, అంటే మా చిన్నాన్న, గొంతులో పంపిన ఈలలు. గంటన్నర అట్లాగే సాగింది. ఆఖరుకు బావ దగ్గర్నుంచి తమిళంలో వచ్చింది: "ఇది మా ఇంటి పండగ. మీరు వచ్చి, తిని, వెళ్ళండి. చాలు."

వచ్చి, తిని, వెళ్ళండి! ఒడిలో పిల్లను కూర్చోబెట్టుకోవలసినవాణ్ణి. నేను గుంపులోంచి బయటికి వచ్చేశాను. సరసు ఫోను చేస్తే తీయలేదు. ముహూర్తానికి పది రోజులుంది.

ఊరుకోలేదు. నా ఫోనులో ఆ మాటలన్నీ అలాగే ఉన్నాయి కదా. ఎగుమతి చేసి, ప్రెస్సులోనే ప్రింటు తీశాను. ఆరు పేజీలు. గొంతు పంపిన చోటల్లా 'మీడియా వదిలివేయబడింది' అన్న ఇంగ్లీషు ముక్క వచ్చింది. చూడ్డానికి చెత్తగా ఉందని ఆ వరసలన్నీ తీసేశాను. బావ మాట చుట్టూ నేనే ఎర్రగా గీసి, ఆండాళక్క బల్ల మీద పెట్టాను.

"అక్కా, తగువు మొదలైంది ఇక్కడే అని నువ్వు ఒక్క గీటు పెట్టి సంతకం చేయి. చెల్లెలికి పంపిస్తా. దానికే తెలస్తుంది తప్పెవరిదో."

అక్క ఆరు పేజీలూ తిరగేసి పక్కన పెట్టింది. "ఇది ప్రూఫు కాదు తంబీ. ఏ మాట ఏ మాటకు జవాబో ఇందులో లేదు. ఫోను ఇయ్యి."

నిజమే. గుంపులో ఒకరి మాటను పక్కకు లాగి జవాబిస్తే ఆ పాత మాట పైన చిన్న పెట్టెలో కనిపిస్తుంది. ఎగుమతి చేస్తే ఆ పెట్టెలన్నీ పోతాయి, వరస మాత్రం మిగులుతుంది. ఆరుగురు ఒకేసారి మాట్లాడేచోట కింద ఉన్న మాట దాని పైమాటకే జవాబనుకుంటే పొరపాటే. భోజనాల వేళ మిషన్లు ఆగాయి. అక్క నోట్సు పుస్తకంలో నాలుగు గడులు గీసింది. దేనికి జవాబు, ఏమని పిలిచారు, పరోటా గురించా మనిషి గురించా, ఇంటిమాటా బయటిమాటా. తర్వాత కొసనుంచి పైకి రావడం మొదలుపెట్టింది.

'వచ్చి, తిని, వెళ్ళండి' మీద ఉన్న చిన్న పెట్టెను వేలితో తాకింది. తెర గబగబా పైకి జారి, ఒక మాట దగ్గర ఆగి, ఆ మాట ఒక్క క్షణం రంగు మారి మెరిసింది. అది నాదే.

"దీనికి జవాబు అది" అంది.

మధ్యలో 'ఈ సందేశం తొలగించబడింది' అని బావ పేరు మీద రెండు ఉన్నాయి. "చూడక్కా, ఇంకా ఏమేం తిట్టి తుడిపేసినాడో!" అన్నాను.

"తిట్టే అని నీకెవరు చెప్పినారు? తిట్టే అనుకో, రెండుసార్లు తిట్టి రెండుసార్లు తుడుచుకున్నోడు పోట్లాటకు వచ్చినోడా, తప్పించుకోవాలని చూసినోడా?"

నా మాటను వేలితో నొక్కి పట్టి వివరం తెరిచింది. ఎవరు ఎప్పుడు చదివారో అందులో ఉంటుంది. నేను పంపిన నిమిషంలోనే బావ చదివాడు. జవాబు యాభై నిమిషాల తర్వాత వచ్చింది. ఆ యాభై నిమిషాలూ నన్ను లెక్కచేయలేదనే అనుకుని ఉడికిపోయాను. అక్క గడుల పక్కన ఖాళీలో 'తట్టుకున్నాడు' అని రాసింది.

ఇక నా మాట. "మర్యాద తెలియని వారితో ఈ విషయం మాట్లాడి ప్రయోజనం లేదు." అది తమిళంలో ఉంది.

అక్క దానికి పైనున్న నా మాటలన్నీ వేలితో లెక్కపెట్టింది. రేకుల కప్పు సందులోంచి పడిన ఎండలో కాగితపు ధూళి మెల్లగా తిరుగుతోంది.

"శీనా, పొద్దుట్నుంచి దీని ముందరదాకా నీవి పదిహేడు మాటలు. అన్నీ తెలుగే. అన్నిట్లో 'బావా' ఉంది. వాడు పళ్ళని అంటే నువ్వూ పళ్ళని అంటివి, అంతా ఆటే. ఇక్కడ బావా పోయింది. తెలుగు పోయింది. ఇంట్లో కూచుని మాట్లాడతా ఉండినోడివి లేచి వీధిలోకి పోయి నిలబడినావు. తర్వాత వాడూ వీధి మాటే మాట్లాడినాడు. నువ్వు గీసింది వాడు వీధిలోకి వచ్చిన చోటు. తలుపు తెరిచింది నువ్వు."

నా ముఖం మండిపోయింది. "ఊరికే తెరుస్తానా? దానికి ముందు ఏం కూసినాడో నీకేం తెలుసు?"

"ఏం కూసినాడు?"

చూపిద్దామని ఫోను మీదికి వంగాను. నాకు తెలియదు. నా మాటకు సరిగ్గా పైన బావ పంపిన గొంతు ఉంది. మిగతా అన్నిటి పక్కనా మైకు బొమ్మ నీలంగా ఉంది, విన్నామని గుర్తు. దీని పక్కన మాత్రం ఆకుపచ్చగా ఉంది, ఇంకా వినలేదని. ఆ వేళ అందరూ ఆ పళ్ళ డాక్టరు మాటకే ఇంకా నవ్వుతున్నారు, సరసు కూడా. మళ్ళీ ఏదో ఎగతాళి పంపాడని వినకుండానే జవాబు కొట్టేశాను.

అక్క దాన్ని నొక్కింది. ముందు పాకం మరుగుతున్న చప్పుడు. తర్వాత బావ నవ్వు. "చెప్పు పాపా, మామకు చెప్పు." చిన్న ఊపిరి ఒకటి ఫోనుకు మరీ దగ్గరగా వినిపించింది. "మామా... నీ ఒల్లో కూచుని... కరకర పరోటా తింటా." మళ్ళీ బావ: "విన్నావా మచ్చా? నా ఇంట్లోనే నాకు ఓటు లేదు. నువ్వే గెలిచితివి పో."

మిషన్లు మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయి. అప్పుడు అక్క నా ఆరు పేజీలు దగ్గరికి లాక్కుని, నేను గీసిన గుండ్రాన్ని ముట్టకుండా, నా మాటకు పైన, నేను తీసేసిన వరస ఉండాల్సిన చోట, ఎర్ర పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టింది. కింద తెరుచుకున్న గొడుగులాంటి గుర్తు. ప్రూఫులో దానికి తప్పు అని అర్థం కాదు. ఇక్కడ ఒకటి వదిలిపోయింది, చేర్చండి అని. పక్కనే సంతకం చేసింది.

"ఇంద, అడిగితివి కదా. పంపించు."

పంపలేదు. ముహూర్తం రోజు తెల్లవారి మొదటి బస్సులో కోవిల్‌పట్టి వెళ్ళాను. గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు. ఇద్దరం తలలు దించుకున్నాం. దారి పొడుగునా మనసులో కట్టుకున్న వాక్యాల్లో ఒక్కటీ రాలేదు. "బావా" అన్నాను, అంతే. "రా మచ్చా, పిల్ల నీకోసమే ఏడవతా ఉంది" అన్నాడు. మీనా నా ఒడిలో కూర్చుంది. సూది దిగినప్పుడు నా బొటనవేలు పట్టుకుని అరిచింది. ఆ పట్టు నేను ఈనాటికీ మరిచిపోలేదు.

'వచ్చి, తిని, వెళ్ళండి' కూడా మరిచిపోలేదు. ఎందుకు మరిచిపోవాలి? అన్నాడు కదా. ఫిర్యాదులూ మానలేదు. కాకపోతే రాశాక ఆఖరి వరస నుంచి పైకి చదువుకుంటాను. చాలావాటికి పైదాకా వెళ్ళేసరికి రెండు వరసలే మిగులుతాయి. ఆ రెండూ పంపుతాను.

బస్సు కోవిల్‌పట్టి చేరింది. సంచిలో మీనాకు బళ్ళో కావాలన్న క్యాలెండరు ఉంది, దాని మడతలో ఆ ఆరు పేజీలు. చుట్టాల్లో ఎవరి మాటైనా చురుక్కుమన్నప్పుడు తీసి చూస్తాను. నేను గీసిన గుండ్రం సిరా వెలిసిపోయింది. అక్క పెట్టిన గుర్తు ఎర్రగానే ఉంది. దిగి నడుస్తుంటే జేబులో ఫోను మోగింది. బావ గొంతు పంపాడు, పచ్చ మైకు. రోడ్డు పక్కన నీడ చూసుకుని ఆగి, చెవికి ఆనించి, పూర్తిగా విన్నాను.